టైమ్‌గ్రాఫర్ చిట్టీ: కీ వాచీ రీడింగును చదివే విధానం

టైమ్‌గ్రాఫర్ అనేది కీ ఇచ్చి నడిపే వాచీ టిక్-టాక్ చప్పుడును మైక్రోఫోన్‌తో విని, ప్రతి చప్పుడూ ఏ క్షణాన వచ్చిందో నిక్కచ్చిగా నమోదు చేసే పరికరం. ఆ నమోదు కాగితం పట్టీ మీద చుక్కల వరుసగా రావచ్చు, తెర మీద గీతగానూ కనిపించవచ్చు. వాడుకలో రెండింటినీ చిట్టీ అనో రీడింగు అనో అంటారు. చిట్టీలో ప్రధానంగా మూడు విలువలుంటాయి. వాచీ రోజుకు ఎన్ని సెకన్లు ముందుకు పోతోందో, వెనకబడుతోందో చెప్పేది రేటు. బ్యాలెన్స్ చక్రం ఎంత కోణం ఊగుతోందో చెప్పేది ఆంప్లిట్యూడ్. టిక్‌కూ టాక్‌కూ మధ్య సమానత ఎంత తప్పిందో చెప్పేది బీట్ ఎర్రర్. తెర మీద మొదట కనిపించేది రేటే అయినా, వాచీ ఆరోగ్యం తెలుసుకోవాలంటే దాన్ని ఆఖరున చదవాలి. కారణం కింది విభాగాల్లో తెలుస్తుంది.

ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది హెచ్‌ఎంటీ జనతా. హయత్‌నగర్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లల్లో తాతదో తండ్రిదో అయిన కీ వాచీ బీరువాలోంచి బయటికొస్తే, అది హెచ్‌ఎంటీ అయ్యే అవకాశమే ఎక్కువ.

చారిత్రక నేపథ్యం

ఈ పరికరం రాకముందు వాచీని సరిచేయడం రోజుల తరబడి సాగేది. మెకానిక్ వాచీని రేడియో టైముతో కలిపి, మర్నాడు తేడా చూసి, రెగ్యులేటర్‌ను వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మర్నాటి దాకా ఆగేవాడు. 1930లలో అమెరికాలో వాచ్‌మాస్టర్ వంటి కాగితం పట్టీ యంత్రాలు వచ్చాక ఆ పని నిమిషాల్లోకి దిగింది. తర్వాత స్విట్జర్లాండ్ వైబ్రోగ్రాఫ్ యంత్రాలు ప్రపంచమంతటా వాచీ వర్క్‌షాపుల్లోకి చేరాయి.

కాగితం యంత్రంలో ఒక డ్రమ్ము కచ్చితమైన వేగంతో తిరుగుతూ ఉంటుంది. దాని మీద మెలిక తిరిగిన గట్టు ఒకటి ఉంటుంది. వాచీ చప్పుడు చేసిన ప్రతిసారీ చిన్న సుత్తి కాగితాన్ని ఆ గట్టుకేసి కొడుతుంది, అక్కడ చుక్క పడుతుంది. వాచీ సరిగ్గా నడుస్తుంటే ప్రతి చుక్కా పట్టీ వెడల్పులో ఒకేచోట పడి, కాగితం జరిగే కొద్దీ తిన్నని గీత ఏర్పడుతుంది. వాచీ ఫాస్ట్ అయితే ప్రతి చుక్కా కాస్త ముందుగా పడి గీత ఒక పక్కకు వాలుతుంది, స్లో అయితే రెండో పక్కకు. ఇప్పటి చైనా వైషీ, స్విట్జర్లాండ్ విట్షీ యంత్రాల్లో డ్రమ్ము లేదు, క్రిస్టల్ గడియారమూ తెరా ఉన్నాయి. గీతను చదివే సూత్రం మాత్రం అదే.

మన దేశంలో కీ వాచీల కథ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్‌ఎంటీ బెంగళూరులో పెట్టిన ఫ్యాక్టరీతో మలుపు తిరిగింది. హైదరాబాద్‌లో చింతల్ దగ్గరి హెచ్‌ఎంటీ యూనిట్‌కు పేరు అదే అయినా అక్కడ తయారైనవి యంత్ర పరికరాలూ, బల్బులూ, వాచీలు కావు. హైదరాబాద్ సొంత వాచీ అంటే ఆల్విన్. ప్రభుత్వ రంగ సంస్థ హైదరాబాద్ ఆల్విన్ 1980లలో జపాన్ సీకో సహకారంతో వాచీలు చేసింది. 1987లో టైటన్ క్వార్ట్జ్ వాచీలు మార్కెట్లోకి వచ్చాక కీ వాచీ వెనకబడింది. హెచ్‌ఎంటీ వాచెస్‌ను మూసేయడానికి కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. దానితో వీధి చివరి వాచీ దుకాణంలో పని చాలావరకు సెల్ మార్చడం, బెల్టు వేయడంగా మిగిలింది. టైమ్‌గ్రాఫర్ ఇప్పుడు ఎక్కువగా కనిపించేది పాత వాచీలను ఇష్టంగా బాగుచేసేవాళ్ల దగ్గర.

యంత్రం వినేది ఏమిటి

వాచీ మిషన్‌లో బ్యాలెన్స్ చక్రం హెయిర్‌స్ప్రింగ్ బలంతో అటూ ఇటూ ఊగుతుంది. మధ్యకు వచ్చిన ప్రతిసారీ దాని కింది చిన్న రాయి పాలెట్ ఫోర్క్‌ను తట్టి లాకు విడిపిస్తుంది. అప్పుడు ఎస్కేప్ వీల్ ఒక మెట్టు కదిలి, చక్రానికి చిన్న తోపు ఇచ్చి, మళ్లీ లాకులో పడుతుంది. చెవికి ఒక్క టిక్‌గా వినిపించేది నిజానికి మూడు చప్పుళ్లు: రాయి ఫోర్క్‌ను తట్టడం, తోపు అందడం, లాకు పడటం.

రేటు లెక్కకు మొదటి చప్పుడే ఆధారం, ఎందుకంటే అది స్పష్టంగా, నిలకడగా ఉంటుంది. ఆంప్లిట్యూడ్ లెక్కకు మొదటిదానికీ మూడోదానికీ మధ్య వ్యవధి కావాలి. అంటే టైమ్‌గ్రాఫర్ చక్రాన్ని చూడదు. చప్పుళ్ల మధ్య ఖాళీలను మాత్రమే కొలుస్తుంది, మిగతాదంతా లెక్క. ఈ సంగతి గుర్తుంటే చిట్టీ ఎప్పుడు తప్పుదారి పట్టిస్తుందో కూడా తెలుస్తుంది.

జనతాలో వాడిన 0231 మిషన్ గంటకు 18,000 సార్లు చప్పుడు చేస్తుంది. అంటే సెకనుకు 5, ఒక చప్పుడుకూ మరో చప్పుడుకూ మధ్య 200 మిల్లీసెకన్లు. యంత్రంలో ఈ సంఖ్య సరిగ్గా పెట్టకపోతే గీత నిట్టనిలువుగా పరుగెత్తుతుంది. గీత అలా కనిపిస్తే వాచీని అనుమానించే ముందు సెట్టింగును చూడాలి.

కొలిచే ముందు

వాచీకి పూర్తిగా కీ ఇచ్చి, పది పదిహేను నిమిషాలు ఆగి, అప్పుడు స్టాండు మీద పెట్టాలి. కీ ఇచ్చిన వెంటనే వచ్చే అంకెలు నిలకడగా ఉండవు. స్టాండులో కీ గుండీని ఆనించే లోహపు కొస ద్వారానే చప్పుడు మైక్రోఫోన్‌కు చేరుతుంది, కాబట్టి అది గట్టిగా తగిలి ఉండాలి. విజయవాడ హైవే పక్క ఇల్లయితే బస్సుల అదురు స్టాండు దాకా వస్తుంది. బల్ల కింద మందపాటి గుడ్డ వేసి, ఫ్యాను ఆపి కొలిస్తే గీత శుభ్రంగా పడుతుంది. కుక్కర్ విజిల్‌కు గీత చెదిరిన చిట్టీని చూసి వాచీలో దుమ్ముందని తేల్చేయడం కొత్తవాళ్లకు మామూలే.

ఆంప్లిట్యూడ్

చక్రం నిలకడ స్థానం నుంచి ఒక వైపు చివరిదాకా తిరిగే కోణమే ఆంప్లిట్యూడ్. బాగా ఉన్న వాచీకి పూర్తి కీతో, డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 డిగ్రీల దాకా రావచ్చు. దశాబ్దాల వయసున్న హెచ్‌ఎంటీకి 250 దాటితే సంతృప్తి పడవచ్చు. నిలువుగా పెడితే ఇరుసు పక్కలు ఒరుసుకోవడం వల్ల 20 నుంచి 40 డిగ్రీలు తగ్గడం సహజం. పూర్తి కీతో కూడా 200 దాటకపోతే మిషన్ సర్వీసింగు అడుగుతోందని అర్థం. ఎండిన ఆయిల్, దుమ్ము, అలసిన మెయిన్‌స్ప్రింగ్ ఇందుకు మామూలు కారణాలు. మితిమీరి 330 దాటినా మంచిది కాదు. రాయి ఒక చుట్టు తిరిగొచ్చి ఫోర్క్‌ను వెనకనుంచి కొడుతుంది, వాచీ ఉన్నట్టుండి విపరీతంగా ఫాస్ట్ అవుతుంది.

లెక్క ఇలా సాగుతుంది. లాకు విడిన దగ్గర్నుంచి మళ్లీ పడే దాకా చక్రం తిరిగే కోణాన్ని లిఫ్ట్ యాంగిల్ అంటారు. అది మిషన్ నిర్మాణాన్ని బట్టి స్థిరం. ఆ కోణం దాటడానికి తక్కువ సమయం పడితే చక్రం వేగంగా, అంటే పెద్దగా ఊగుతున్నట్టు. λ లిఫ్ట్ యాంగిల్, f సెకనుకు పూర్తి ఊపుల సంఖ్య, t మొదటి-మూడో చప్పుళ్ల మధ్య వ్యవధి అనుకుంటే:

```
A = λ / (2 · sin(π · f · t))
```

18,000 వాచీకి f విలువ 2.5. లిఫ్ట్ యాంగిల్ 52 డిగ్రీలనుకుంటే, వ్యవధి 15.65 మిల్లీసెకన్లయినప్పుడు ఆంప్లిట్యూడ్ 212 డిగ్రీలు వస్తుంది. వ్యవధి 12.37కు తగ్గితే 268 అవుతుంది. మూడు మిల్లీసెకన్ల తేడాలోనే జబ్బు వాచీ, ఆరోగ్యంగా ఉన్న వాచీ వేరవుతున్నాయన్నమాట.

చాలా మిషన్ల లిఫ్ట్ యాంగిల్ 48-54 డిగ్రీల మధ్య ఉంటుంది. తెలియనప్పుడు యంత్రం తనంతట పెట్టుకునే 52నే వాడతారు. అసలు విలువ 49 అయితే, చిట్టీ మీద 260 అని పడింది నిజానికి 245 మాత్రమే. అందుకే రెండు వేర్వేరు మిషన్ల ఆంప్లిట్యూడ్‌లను పోల్చడం కన్నా, ఒకే వాచీని సర్వీసింగుకు ముందూ తర్వాతా ఒకే సెట్టింగుతో పోల్చడం నమ్మకమైన పద్ధతి.

బీట్ ఎర్రర్

చక్రం ఆగి ఉన్నప్పుడు దాని రాయి సరిగ్గా ఫోర్క్ మధ్య రేఖ మీద నిలవాలి. హెయిర్‌స్ప్రింగ్ కొస బిగించిన చోటు కాస్త అటో ఇటో అయితే రాయి ఒక పక్కకు నిలుస్తుంది. అప్పుడు ఒక వైపు ఊపు 201 మిల్లీసెకన్లు, రెండో వైపు ఊపు 199 పడుతుంది. మొత్తం కలిస్తే 400లే, కాబట్టి రేటు చెడదు. టిక్, టాక్ మాత్రం కుంటుతాయి. చిట్టీ మీద టిక్‌లన్నీ ఒక గీతగా, టాక్‌లన్నీ మరో గీతగా పడి రెండు సమాంతర రేఖలు కనిపిస్తాయి. వాటి మధ్య ఎడమే బీట్ ఎర్రర్. ఎడం లేకుండా రెండూ కలిసిపోతే తప్పు సున్న.

0.5 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలా బాగున్నట్టు, 1.0 దాకా ఫర్వాలేదు. ఇది బాగా పెరిగితే చేతికి తెలిసే గుర్తు ఒకటుంది: ఆగిపోయిన వాచీ కీ ఇచ్చినా దానంతట నడవదు, ఊపితే గానీ కదలదు.

ఈ తప్పు గురించి గుర్తుంచుకోవలసింది, ఇది ఆంప్లిట్యూడ్‌తో ముడిపడి ఉంటుందని. రాయి పక్కకు నిలిచిన కోణం మారకపోయినా, చక్రం నెమ్మదిగా ఊగుతున్నప్పుడు ఆ కోణం దాటడానికి ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి నీరసించిన వాచీ బీట్ ఎర్రర్‌ను ఎక్కువ చేసి చూపిస్తుంది. ఆయిల్ వేసి ఆంప్లిట్యూడ్ పెంచాక అది కొంత తనంతట తగ్గుతుంది.

సరిచేయడానికి, కదిలే స్టడ్ ఉన్న మిషన్లలో స్టడ్ పట్టుకున్న చేతిని కాస్త జరిపితే చాలు. స్టడ్ కదలని పాత తరహా మిషన్లలో చక్రాన్ని బయటికి తీసి, ఇరుసు మీద హెయిర్‌స్ప్రింగ్ లోపలి కొసను పట్టుకున్న కాలెట్‌ను తిప్పాలి. చెయ్యి జారితే హెయిర్‌స్ప్రింగ్ పాడవుతుంది. అందుకే అలాంటి వాచీలో 1.5 ఉన్నా ముట్టుకోకుండా వదిలేసే అనుభవజ్ఞులున్నారు. అది తప్పేమీ కాదు.

రేటు

రేటును `s/d` అని, అంటే రోజుకు సెకన్లలో రాస్తారు. రోజుకు 86,400 సెకన్లు. తెర మీద గీత కుడివైపు పైకి లేస్తుంటే వాచీ ముందుకు పోతోంది, కిందికి దిగుతుంటే వెనకబడుతోంది. గీత అంచు దాటితే మళ్లీ రెండో అంచు నుంచి మొదలవుతుంది, అది తప్పు కాదు. రోజుకు 30 సెకన్ల తేడా అంటే సెకనుకు 0.35 మిల్లీసెకన్ల తేడా. అంత చిన్నదాన్ని పట్టగలగడమే ఈ యంత్రం చేసే పని.

సరిచేసేది రెగ్యులేటర్ మీట. అది హెయిర్‌స్ప్రింగ్ పని చేసే పొడవును తగ్గిస్తే వాచీ ఫాస్ట్, పెంచితే స్లో. మీట పక్కన ప్లస్, మైనస్ గుర్తులో, `F` `S` అక్షరాలో, ఫ్రెంచి వాడుక ప్రకారం `A` `R` అక్షరాలో ఉంటాయి.

అయితే రేటు వాచీ ఉన్న స్థితిని బట్టి మారుతుంది. డయల్ పైకి, డయల్ కిందికి, కీ గుండీ కిందికి, పైకి, పక్కకు పెట్టి విడివిడిగా చూడాలి. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ ధ్రువీకరణకు ఐదు స్థితుల్లో పరీక్షించి, సగటు రోజువారీ రేటు −4, +6 సెకన్ల మధ్య ఉండాలంటారు. రోజూ పెట్టుకునే జనతాకు ఆ కొలమానం పెట్టడం అనవసరం. ఏ స్థితిలో చూసినా అర నిమిషం లోపు ఉంటే ముచ్చటైన వాచీయే.

గీత ఆకారం

అంకెలు సగటు మాత్రమే చెప్తాయి. కారణం గీతలో కనిపిస్తుంది. చుక్కలు చెల్లాచెదురుగా పడితే మురికి, బలహీనమైన చప్పుడు, లేదా గది రొద. గీత అలలా ఊగుతుంటే అల ఎంత సేపటికి మళ్లీ వస్తోందో చూడాలి. మామూలుగా ఎస్కేప్ వీల్‌కు 15 పళ్లు, పంటికి రెండు చప్పుళ్లు. 18,000 వాచీలో 30 చప్పుళ్లకు 6 సెకన్లు పడుతుంది. అల ప్రతి 6 సెకన్లకూ తిరిగొస్తే అనుమానం ఎస్కేప్ వీల్ మీద. నిమిషానికొకసారి వస్తే సెకన్ల ముల్లు చక్రం మీద. మిషన్ విప్పకుండానే ఏ చక్రాన్ని భూతద్దం కింద పెట్టాలో తెలుస్తుందన్నమాట.

వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ఫాస్ట్ అయితే మొదటి అనుమానం అయస్కాంతం. స్పీకరు పక్కనో, అయస్కాంతపు మూత ఉన్న ఫోను కవరు పక్కనో ఉంచితే హెయిర్‌స్ప్రింగ్ చుట్లు అంటుకుని దాని పొడవు తగ్గినట్టవుతుంది. దిక్సూచిని దగ్గర పెడితే ముల్లు కదులుతుంది. డీమాగ్నెటైజర్ మీద కొన్ని సెకన్లు పెడితే సరిపోతుంది, రెగ్యులేటర్‌ను తాకే పనే లేదు.

ఒక నమూనా చిట్టీ

చాలాకాలం సర్వీసింగు లేని జనతాకు పూర్తి కీ ఇచ్చి డయల్ పైకి పెడితే ఇలాంటి రీడింగు రావచ్చు:

```
RATE        -42 s/d
AMPLITUDE   212°
BEAT ERROR  2.6 ms
BEAT        18000
LIFT ANGLE  52°
```

వాచీ రోజుకు 42 సెకన్లు, అంటే వారానికి దాదాపు ఐదు నిమిషాలు వెనకబడుతోంది. చూడగానే రెగ్యులేటర్‌ను ప్లస్ వైపు జరపాలనిపిస్తుంది. కానీ ఆంప్లిట్యూడ్ 212 దగ్గరే ఉంది. కీ గుండీ కిందికి ఉండేలా నిలబెడితే 178కి పడిపోయి, రేటు −75, బీట్ ఎర్రర్ 3.1 అవుతోంది. చుక్కలు గీత చుట్టూ చెదిరి ఉన్నాయి. ఇవన్నీ ఎండిన ఆయిల్ లక్షణాలు. ఇప్పుడు రెగ్యులేటర్ జరిపితే అది ఈ నీరసానికి సరిపోయే దిద్దుబాటు అవుతుంది. తర్వాతెప్పుడో ఆయిల్ వేసిన రోజున వాచీ ఫాస్ట్ అయి కూర్చుంటుంది.

మిషన్ విప్పి, కడిగి, ఆయిల్ వేసి, మళ్లీ అదే సెట్టింగుతో కొలిస్తే డయల్ పైకి ఉన్న స్థితిలో ఆంప్లిట్యూడ్ 268, రేటు −18, బీట్ ఎర్రర్ 2.1 వచ్చాయనుకుందాం. హెయిర్‌స్ప్రింగ్‌ను ముట్టుకోకుండానే బీట్ ఎర్రర్ అరమిల్లీసెకను తగ్గింది. మిగిలిన 2.1 అసలైన తప్పు, దాన్ని స్టడ్ దగ్గరో కాలెట్ దగ్గరో సరిచేసి 0.4కు తేవాలి. ఈ పనిలో హెయిర్‌స్ప్రింగ్ కదులుతుంది కాబట్టి రేటు మళ్లీ మారుతుంది. అందుకే రెగ్యులేటర్ వంతు ఆఖరున వస్తుంది. దాన్ని కొద్దిగా జరిపి డయల్ పైకి +8, డయల్ కిందికి +6 వచ్చేలా చూస్తే, నిలువు స్థితిలో ఆంప్లిట్యూడ్ 236, రేటు −9 ఉండవచ్చు. పగలు చేతికి ఉన్నప్పుడు పోయేదాన్ని, రాత్రి బల్ల మీద డయల్ పైకి ఉన్నప్పుడు వచ్చేది కొంత పూడుస్తుంది.

పరిమితులు

చిట్టీలో రోజు లెక్క ఉన్నా, యంత్రం విన్నది అర నిమిషమో ఒక నిమిషమో. మెయిన్‌స్ప్రింగ్ వదులయ్యే కొద్దీ ఆంప్లిట్యూడ్ తగ్గి రేటు మారుతుంది, కాబట్టి 24 గంటల తర్వాత కీ ఇవ్వకుండా మరోసారి కొలవాలి. పై నమూనా వాచీ అప్పుడు 215 దాకా దిగినా ఆశ్చర్యం లేదు. ఇంకా బాగా దిగితే మెయిన్‌స్ప్రింగ్ మార్చే ఆలోచన చేయాలి. పిన్ పాలెట్ ఉన్న చవక మిషన్ల చప్పుడు తీరు వేరు కనుక వాటి ఆంప్లిట్యూడ్ అంకెను నమ్మలేం. సెల్ వాచీలకు ఈ యంత్రం పనికిరాదు. కీ వాచీకి కూడా, యంత్రం మీద సరిచేశాక వారం రోజులు చేతికి పెట్టుకుని, రోజూ ఒకే వేళకు ఫోను టైముతో తేడా రాసుకుంటే తేలే సగటే దాని అసలు రేటు.